ఖాళీ లిఫ్టు, నలభై సెకన్లు: భయం ఎక్కడ పెట్టాలి?

అడిగింది: "అన్నా, మాది కడప. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. రాత్రిపూట ఖాళీ లిఫ్టు మీద 40 సెకన్ల హారర్ షార్ట్ తీయాలని ఉంది. రక్తం, దెయ్యం మేకప్ ఏమీ వద్దు. ఒకసారి తీసినాం. లైట్లు ఆర్పి వెలిగించి, లిఫ్టును ఊరికే పైకీ కిందికీ తిప్పినాం. చూసినోళ్లంతా నవ్వినారు. ఫోనుతోనే తీస్తాం. తప్పు యాడ జరుగుతాంది, ఎట్లా తీయాలి?"

మీ షార్టులో లిఫ్టు పిచ్చిపట్టినట్టు తిరిగింది. అందుకే నవ్వారు. అపార్ట్‌మెంట్లో కాపురం ఉండేవాళ్లకు లిఫ్టు చెడిపోవడం కొత్త సంగతి కాదు. లైటు మిణుకుమంటే వోల్టేజీ అనుకుంటారు. తనంతట తాను కిందికి పోతే పట్టించుకోరు, ఎందుకంటే కొంతసేపు ఎవరూ పిలవకపోతే కిందికెళ్లి నిలబడే ఏర్పాటు చాలా లిఫ్టుల్లో ఉంటుంది. మధ్యలో ఆగి దగ్గరి అంతస్తుకు చేరితే కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచిందని తెలిసిపోతుంది. అన్నిటికీ చూసేవాడి దగ్గర జవాబు రెడీగా ఉంది. జవాబున్న చోట భయం నిలబడదు.

దీన్ని తిరగేయండి. లిఫ్టు ఏ తప్పూ చేయకూడదు. తన పని తాను పద్ధతిగా చేసుకుపోవాలి, కాకపోతే కంటికి కనబడని ఎవరి కోసమో చేయాలి. మూసుకుంటున్న తలుపు గడపలో ఎవరైనా అడ్డొస్తే మళ్లీ తెరుచుకుంటుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఖాళీ గడప ముందు అదే తలుపు సగం మూసుకొని మర్యాదగా మళ్లీ తెరుచుకుంటే, "ఎవరో దాటారు" అన్న మాట చూసేవాడి నోటి నుంచే వస్తుంది. మీరు చెప్పాల్సింది ఏమీ మిగలదు.

ఈ పద్ధతికి నలభై సెకన్లు బాగా సరిపోతాయి. ముందు ఒక నియమాన్ని మామూలుగా చూపించాలి, తర్వాత అదే నియమం మనిషి లేకుండా జరగాలి. మీకు రెండు నియమాలు కావాలి. ఒకటి లిఫ్టు తలుపు, రెండోది వరండాలో మనిషి నడిస్తే వెలిగే సెన్సర్ లైటు. తలుపు సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాన్ని ముందుగా చూపించక్కర్లేదు. లైటును మాత్రం మొదటి షాట్లోనే చూపించి తీరాలి. చాలామంది ఈ మొదటి షాటును తగ్గించేసి, చివర్లో లైటు వెలిగితే ఎవరికీ అర్థం కాలేదని బాధపడతారు.

వరస ఇలా పెట్టుకోండి. నాలుగో అంతస్తు, రాత్రి ఒంటిగంట. వరండా చీకటిగా ఉంది, ఆ చివర ఒక ఇంటి తలుపు మూసి ఉంది. తలుపు తెరుచుకుని ఒక అమ్మాయి స్కూటీ తాళం పట్టుకుని బయటికొస్తుంది. దూరపు లైటు వెలుగుతుంది. తలుపు ఓరగా వదిలేసి లిఫ్టు వైపు నడుస్తుంది, దగ్గరి లైటు వెలుగుతుంది. ఇదంతా కదలని ఒకే ఫ్రేములో 7 సెకన్లు. తర్వాత 2 సెకన్లు బటన్ నొక్కడం. ఆపైన 4 సెకన్లు తలుపు పక్కనున్న అంకెల డిస్‌ప్లే, 2 పోయి 3 వస్తుంది, అక్కడ ఆగుతుంది. ఇప్పుడు అమ్మాయి ముఖం మీద 6 సెకన్లు. కింద మూడో అంతస్తులో తలుపు తెరుచుకున్న చప్పుడు, కాస్త ఆగి మూసుకున్న చప్పుడు. ఆమె వెనక వరండా లైట్లు టైమ్ అయిపోయి ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోతాయి. ఆమె పట్టించుకోదు. మళ్లీ 4 సెకన్లు డిస్‌ప్లే, 3 నుంచి 4. మొత్తం 23 సెకన్లు గడిచాయి, ఇప్పటివరకూ వింత ఏమీ జరగలేదు.

తలుపు తెరుచుకుంటుంది, 4 సెకన్లు. లోపల తెల్లటి వెలుగు, ఫ్యాను తిరుగుతోంది, ఎవరూ లేరు. ఇక్కడ నటనలో ఉన్న ఒకే ఒక్క కీలకం: మూడో అంతస్తులో ఎవరో ఎక్కారనుకుని, దిగేవాళ్లకు దారి ఇవ్వడానికి ఆమె అలవాటుగా అరడుగు పక్కకు జరగాలి. జరిగాక లోపల ఎవరూ లేరని చూడాలి. ముందు చూసి తర్వాత జరిగితే అది భయపడినట్టు ఉంటుంది, మొత్తం పాడవుతుంది. తర్వాత 6 సెకన్లు: తలుపు మూసుకోవడం మొదలై, మూడోవంతు సందు మిగిలాక ఆగి, పూర్తిగా తెరుచుకుని, మళ్లీ మెల్లగా మూసుకుంటుంది. అరుపు లేదు, పరుగు లేదు, ఆమె వీపు మాత్రమే మనకు కనబడుతుంది.

చివరి షాటు మొదటి షాటు ఫ్రేమే. చీకటి వరండా, ఆ చివర ఓరగా ఉన్న తలుపు. రెండున్నర సెకన్లు ఏమీ జరగదు. దగ్గరి లైటు వెలుగుతుంది. ఇంకో రెండున్నర సెకన్లకు దూరపు లైటు, ఆమె ఇంటి తలుపు మీద. ఒకటిన్నర సెకను అలాగే ఉంచి కట్ చేయండి. మొదటి షాట్లో ఆమె ఒక లైటు నుంచి ఇంకో లైటు దాకా నడవడానికి ఎంతసేపు పట్టిందో, ఇక్కడ రెండు లైట్ల మధ్య అంతే సమయం ఉండాలి. రెండు లైట్ల మధ్య మూడు మీటర్ల దూరం ఉంటే మామూలు నడకకు రెండున్నర సెకన్లు కాస్త అటూఇటూగా సరిపోతాయి, మీ వరండాలో కొలుచుకుని రెండుచోట్లా అదే పెట్టండి. లైట్లు టపటపా వెలిగితే కరెంటు లోపం అనిపిస్తుంది, నడక వేగంతో వెలిగితే మనిషి అనిపిస్తుంది. సెన్సర్ ఒంటి వేడిని బట్టి పనిచేస్తుంది కదా, దెయ్యానికి వేడెక్కడిది అని కామెంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. అడగనీయండి, అంతదాకా ఆలోచించారంటే షార్ట్ పనిచేసినట్టే.

ఇక తీయడం. నిజమైన సెన్సర్ లైట్లను నమ్ముకోవద్దు. ఒకసారి వెలిగితే ఎంతసేపు ఉండాలో అవే నిర్ణయించుకుంటాయి, మీ ఆరు సెకన్ల షాట్లో ఆరమంటే ఆరవు. మామూలు బల్బులు రెండు పెట్టి, స్విచ్చు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. వార్మ్ రంగు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు. లిఫ్టు లోపలి వెలుగు తెల్లగా, చల్లగా ఉంటుంది కాబట్టి రెండింటికీ తేడా వచ్చి, లిఫ్టు పరాయి చోటులాగా కనబడుతుంది. ఈ తేడా నిలవాలంటే ఫోను తనంతట తాను రంగు సరిచేయకూడదు. వైట్ బ్యాలెన్స్ 4300 కెల్విన్ దగ్గర లాక్ చేయండి.

ఫోను సొంత కెమెరా యాప్‌లో షట్టర్ చేతికి రాకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దాని మీద నడిచే చవక ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ మిణుకు ఫ్రేముల మధ్య సమంగా సర్దుకుంటుంది, 1/60 పెడితే తెర మీద నల్లచారలు పాకుతాయి. లిఫ్టు అంకెల డిస్‌ప్లే ఇంకా గడుసుది. అందులోని ముక్కలన్నీ ఒకేసారి వెలగవు, వంతులవారీగా వెలుగుతాయి. షట్టర్ ఎక్కువ వేగంలో ఉంటే 3 అంకెలో సగం గీతలు మాయమవుతాయి, అది చూసి మళ్లీ "లిఫ్టు చెడిపోయింది" అనుకుంటారు. ఇంకోటి, చీకటికి సరిపడా వెలుతురు పెంచితే ఎర్రంకె ముద్దలాగా అయిపోతుంది. డిస్‌ప్లే షాటును విడిగా, వేలితో అంకె మీదే నొక్కిపట్టి `AE/AF LOCK` వచ్చాక తీయండి. మీ ఫోనులో ఆ మాట వేరేగా ఉండొచ్చు, పని అదే.

నైట్ మోడ్, జూమ్ రెండూ వద్దు. ఐఎస్ఓ 800 దాటనీయకండి. దానికి మించితే చీకటి భాగమంతా చీమలు పాకినట్టు కదులుతుంది. చీకటి కదలకుండా ఉంటేనే కదా అందులో ఏముందోనని వెతుకుతారు.

ఫోనును నిలువుగానే పెట్టండి. లిఫ్టు తలుపు దాదాపు 2 మీటర్ల ఎత్తు, 70 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పు, నిలువు ఫ్రేముకు దానికంటే మంచి బొమ్మ దొరకదు. మామూలు లెన్సుతో తలుపుకు రెండున్నర మీటర్ల దూరంలో నిలబెడితే గడప, పైచట్రం రెండూ వస్తాయి, ఎడమ అంచున ఆమె భుజం పడుతుంది. లిఫ్టు వెనక గోడకు అద్దం ఉంటే తలుపు తెరుచుకోగానే మీ ట్రైపాడ్, వెనక నిలబడిన మీరు అందరూ దర్శనమిస్తారు. ఫోనును మధ్య నుంచి ఒక అడుగు పక్కకు జరిపి కొద్దిగా తిప్పితే అద్దంలో పక్కగోడ కనిపిస్తుంది. మన ఊళ్లో లిఫ్టు చుట్టూ నున్నగా పాలిష్ చేసిన నల్లబండ పరవడం అలవాటు, అదీ అద్దమే. కింద ఫోను వెలుగు పడిందేమో చూసుకోండి. బాగుంటే ఆ బండ మీద లిఫ్టు వెలుగు సన్నని గీతగా మూసుకుపోవడం తలుపు కంటే అందంగా వస్తుంది.

తలుపు మళ్లీ తెరుచుకోవడానికి గడపలో చెయ్యి, కర్ర, చీపురు ఏదీ పెట్టకండి. అక్కర్లేదు కూడా. లిఫ్టు అదే అంతస్తులో ఉండి తలుపు మూసుకుంటున్నప్పుడు బయటి బటన్ నొక్కితే తలుపు తిరిగి తెరుచుకుంటుంది. ఆమె భుజం బటన్‌కు అడ్డంగా ఉండేలా నిలబెట్టి, కెమెరాకు కనబడని చేతితో ఆమెనే నొక్కమనండి. తాళం ఉన్న రెండో చెయ్యి మాత్రం ఫ్రేములో కనబడాలి, లేకపోతే చేతివాటం అని పసిగడతారు. ఎప్పుడు నొక్కాలన్నది నాలుగైదు టేకుల్లో తెలుస్తుంది. తొందరపడితే తలుపు కదిలీ కదలక ముందే తెరుచుకుంటుంది, అది ఎవరో ఆటపట్టించినట్టు ఉంటుంది. సందు మరీ సన్నగా అయ్యాక నొక్కితే తలుపు మూసుకుని మళ్లీ తెరుచుకుంటుంది, అప్పుడు గడప దాటినట్టు అనిపించదు. మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు ఉండగా ఆగాలి.

డిస్‌ప్లే మూడులో ఆగడానికి మూడో అంతస్తులో బయటి బటన్ నొక్కితే పని కాకపోవచ్చు. చాలా అపార్ట్‌మెంట్లలో బయట ఒక్క బటనే ఉంటుంది, అలాంటి లిఫ్టు పైకి వెళ్లేటప్పుడు మధ్య అంతస్తుల పిలుపు పట్టించుకోదు, కిందికి వచ్చేటప్పుడే ఆగుతుంది. ఎందుకు ఆగలేదా అని గంటసేపు తంటాలు పడేది ఇక్కడే. ఈ షాట్లో లిఫ్టు లోపలి భాగం కనబడదు కాబట్టి మీ స్నేహితుణ్ణి రెండో అంతస్తులో ఎక్కించి 3, 4 రెండూ నొక్కమనండి. ఇళ్ల లిఫ్టులు చాలావరకు సెకనుకు 0.68 మీటరు వేగంతో పోతాయి, మూడు మీటర్ల అంతస్తుకు నాలుగున్నర సెకన్లు పడుతుంది. నేను చెప్పిన 4 సెకన్ల డిస్‌ప్లే షాట్లు ఆ లెక్కలోంచి వచ్చినవే. వాటిని ఎడిటింగులో వేగం పెంచి కుదించొద్దు. రోజూ లిఫ్టు ఎక్కేవాడి ఒంటికి ఆ సమయం తెలుసు, తేడా వస్తే ఎందుకో తెలియకుండానే నమ్మకం పోతుంది.

మీది జాలీ గేటు లాగే పాత లిఫ్టు అయితే తలుపు తనంతట తెరుచుకోదు. బాధపడకండి, మీ దగ్గర ఇంకా మంచి సరుకుంది. ఆ లిఫ్టుల్లో గేటు సరిగా వేయకపోతే తలుపు మూయమని ఒక ఆడగొంతు చెప్పిందే చెబుతూ ఉంటుంది, గేటు పడేదాకా లిఫ్టు కదలదు. ఆమె బటన్ నొక్కింది, లిఫ్టు రావడం లేదు, కింద మూడో అంతస్తు నుంచి ఆ గొంతు మూడుసార్లు వినిపిస్తుంది, నాలుగోసారి మాట మధ్యలో తెగిపోయి గేటు పడిన చప్పుడు. లిఫ్టు బయలుదేరుతుంది. ఖాళీగా వస్తుంది. గేటు ఎవరు వేశారు? దీనికి మెషిన్ కూడా సాక్ష్యం చెబుతుంది, చెయ్యి లేకుండా పడే గేటు కాదది. ఇలా తీస్తే చివరి లైట్ల షాటు అలాగే ఉంచి, తలుపు షాటు బదులు ఈ గొంతుకు పది సెకన్లు ఇవ్వండి.

చప్పుడు దగ్గరికి వస్తే, నాలుగో అంతస్తునే ఎంచుకోమన్నది ఊరికే కాదు. మోటారు గది మిద్దె మీద ఉండే లిఫ్టుల్లో అన్నిటికంటే పైఅంతస్తులో మోటారు స్పష్టంగా వినబడుతుంది. లిఫ్టు కదిలే ముందు బ్రేకు వదిలిన "టక్", వెంటనే సన్నని గుంయ్‌మనే ధ్వని, ఆగేటప్పుడు మళ్లీ "టక్". ఈ రెండు టక్కుల మధ్య మీ సినిమా నడుస్తుంది. వీడియో తీసేటప్పుడు పడిన చప్పుడు పనికిరాదు, విడిగా రికార్డ్ చేయండి. నాలుగో అంతస్తు గడప దగ్గర ఇంకో ఫోను పెట్టి, లిఫ్టును మూడో అంతస్తులో తెరిచి మూయించండి. గుంతలోంచి పైకొచ్చే ఆ మూగ చప్పుడును ఏ యాప్ ఎఫెక్టూ ఇవ్వలేదు. లిఫ్టు లోపల ఫ్యాను చప్పుడు ఒక నిమిషం, ఎవరూ కదలకుండా వరండా నిశ్శబ్దం ఒక నిమిషం తీసుకోండి. మే నెలలో అయితే నిశ్శబ్దం దొరకదు, అందరి ఇళ్లలో కూలర్లు మోగుతుంటాయి, కొందరు మిద్దె మీదే పడుకుని ఉంటారు. కూలర్ గాలి చప్పుడును తీసేయాలని చూడకుండా దాన్నే అడుగున పరచి, తలుపు పూర్తిగా మూసుకున్న 33వ సెకనులో ఆపేయండి. లిఫ్టు ఫ్యాను చప్పుడూ అక్కడే తెగుతుంది. ఒక్కసారిగా చెవులు ఖాళీ అవుతాయి.

సంగీతం వద్దు. అడుగుల చప్పుడు అసలే వద్దు, దాంతో అది ఫలానా బరువున్న, కాళ్లున్న మనిషి అయిపోతుంది. చివరి రెండు లైట్లకు చిన్న "టిక్" చాలు. మొదటి షాట్లో ఆమె నడిచినప్పుడు కూడా అదే టిక్ పెట్టడం మరవకండి. చాలామంది కింద గుయ్యిమనే లోతైన శబ్దం వేసి హెడ్‌ఫోన్లో మురిసిపోతారు, ఫోను స్పీకరు ఆ లోతును పలకనే పలకదు, చూసేవాళ్లకు ఏమీ వినబడదు. ఫోను స్పీకరులోనే మిక్స్ సరిచూసుకోండి.

రాత్రి పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర మధ్య తీయండి, అసోసియేషన్‌కూ వాచ్‌మన్‌కూ ముందే చెప్పండి, కింద లిఫ్టు పక్కన కాగితం అతికించండి. లిఫ్టును ఆపి ఉంచడానికి తలుపులో కుర్చీ అడ్డం పెట్టడం, తాళంతో తలుపు తెరవడం చేయొద్దు. ఎవరైనా పిలిస్తే వదిలేయండి, మళ్లీ వస్తుంది.

తీసే వరసలో ఒక కిటుకుంది. మొదటి షాటు, చివరి షాటు ఒకే ట్రైపాడ్ స్థానంలో వెంటవెంటనే తీయండి. కాలు తగిలి ట్రైపాడ్ వేలెడు జరిగినా రెండు ఫ్రేములూ కలవవు. తలుపు ముందు చెప్పులు కూడా అక్కడివక్కడే ఉండాలి. చివర్లో ఫేడ్ వేయకుండా నేరుగా 12 ఫ్రేములు నలుపు పెట్టండి, అరసెకను. పేరు, టైటిల్ కార్డు వీడియోలో వద్దు, కింద రాసుకోవచ్చు. ఎందుకంటే షార్ట్ అయిపోగానే దానంతట అదే మళ్లీ మొదలవుతుంది. చివరి ఫ్రేములో ఓరగా తెరిచి ఉన్న తలుపు మీద లైటు వెలుగుతూ ఉంటుంది. అరసెకను చీకటి. మళ్లీ అదే వరండా, కానీ ఇప్పుడు తలుపు మూసి ఉంటుంది.